శుక్రవారం కోత

గడపకు పసుపు రాసి, గల్లాపెట్టెకు దండం పెట్టుకుని వెంకట్రాజం ఇంకా గద్దె మీద సరిగా కూర్చోనే లేదు, జేబులో ఫోను కుయ్యిమంది. అద్దాలు సవరించుకుని మెసేజ్ చదివాడు. రెండోసారి చదివాడు. మూడోసారి చదివేటప్పటికి ముఖం రంగు మారిపోయింది.

"నిర్మలా! ఇటు రా."

లోపల మడతపెట్టిన జంపఖానాలకు చీటీలు అంటిస్తున్న పెద్దకోడలు నిర్మల కొంగు దోపుకుంటూ వచ్చింది. ఆ గొంతు ఆమెకు కొత్త కాదు. గురువారం మంచివారం కాబట్టి ఇవాళైనా తిట్లు తగ్గుతాయేమో అనుకుంది గానీ, అలాంటి ఆశలు ఆ ఇంట్లో ఎప్పుడూ నిలవవు.

"రేపు మన ఖాతాల నుంచి పైసలు కట్ అయితయని బ్యాంకోడు మెసేజ్ పెట్టిండు. రేపేం వారం?"

"శుక్రవారం మామయ్యా."

"శుక్రవారం నాడు ఈ షాపుల నుంచి పైస బయటికి పోవుడు నువ్వెప్పుడన్న చూసినవా? మా బాపు ఉన్నప్పుడు చూసిండ్రా ఎవరన్న? కరెంటు బిల్లు సుత గురువారమే కడుతం. నువ్వేమో లక్ష్మిని దానంతట అదే బయటికి పంపే మిషిని తెచ్చి పెట్టినవ్!"

నిర్మలకు సంగతి అర్థమైంది. వెబ్‌సైటుకు చోటు ఇచ్చే కంపెనీ నెలనెలా డబ్బు తీసుకుంటుంది. మొన్నటిదాకా అది ఆమె భర్త మహిపాల్ ఖాతా నుంచి పోయేది. షాపు లెక్కల్లోకి రావాలని ఈమధ్యే మామగారి ఖాతాకు మార్చారు. మార్చిన తర్వాత వచ్చిన మొదటి తేదీయే ఇలా శుక్రవారం మీద పడింది. కోత పడే ముందురోజు బ్యాంకు చెప్పాలన్న నియమం ఉండబట్టి ఈ మెసేజ్ వచ్చింది గానీ, లేకుంటే రేపు హారతి వేళకే గండం వచ్చేది.

షాపు పేరు రాజేశం అండ్ సన్స్. రాజేశం వెంకట్రాజానికి తండ్రి. వరంగల్ చౌరస్తా దగ్గరి బజారులో కొత్తవాడ మగ్గాల జంపఖానాలు అమ్ముతూ మూడు తరాలుగా నిలబడ్డ దుకాణం. శుక్రవారం వచ్చిన డబ్బు తీసుకుంటారు గానీ ఇవ్వరు. ఏ రోజైనా సరే, సందెదీపం పెట్టాక పైసా బయటికి పోదు. నిర్మల పుట్టినింట్లో కూడా ఇదే పద్ధతి. ఆమె దాన్ని ఎన్నడూ వెక్కిరించలేదు. అమ్మవారు మన వారాలు చూస్తుందా, మన మనసు చూస్తుందా అని అప్పుడప్పుడు దీపం ముందు కూర్చుని అనుకునేది. అంతే. జవాబు కోసం పట్టుబట్టేది కాదు.

"మామయ్యా, ఆ కోత ఆపొచ్చు. కానీ ఉత్తగ ఆపితే రేపటితోటి వెబ్‌సైటు ఆగిపోతది. మనం కట్టింది రేపటిదాకనే. అందుకే ఇయ్యాల్నే మన చేత్తోటి వచ్చే నెలది కట్టి, ఆ తర్వాత దానంతటదే కట్ అయ్యే ఆటో రెన్యువల్ తీసేస్త. అప్పుడు శుక్రవారం కోతా ఉండదు, సైటూ ఉంటది."

"అంటే ఆపెటందుకు కూడ పైసలు కట్టాల్నా?"

గద్దె పక్కన నిలబడి ఫోను చూసుకుంటున్న చిన్నకొడుకు ఉదయ్ నవ్వాడు. "గదే కద బాపూ దాని కథ. ఉంచినా కట్టాలె, తీసినా కట్టాలె. వదిన సైటు మరి!"

ఆ నవ్వులో ఏముందో నిర్మలకు తెలుసు. హోల్‌సేల్ గిరాకీలందరూ ఉదయ్ చేతిలో ఉంటారు. మనిషిని బట్టి ధర చెప్పడం అతని విద్య. ఆమె వెబ్‌సైటులో ప్రతి జంపఖానా పక్కన ధర రాసి పెట్టింది. అప్పటి నుంచి మంచిర్యాల గిరాకీ కూడా ఫోనులో ఆ పేజీ తెరిచి, "గిక్కడ గింతే ఉన్నది గదా ఉదయ్ సేటూ" అంటున్నాడు.

"ఇయ్యాల సాయంత్రం బెంగళూరోళ్ళు చూస్తరు మామయ్యా," అంది నిర్మల, మరిది వైపు చూడకుండా. "యోగా సెంటర్లోళ్ళు. వాళ్ళ యమున మేడం కమిటీ ముంగట మన సైటు తెర మీద పెట్టి చూపిస్తదట. నచ్చితే వాళ్ళ సెంటర్లన్నిటికి మన జంపఖానాలే. కొత్తవాడల ఆరు మగ్గాలకు పని దొరుకుతది."

"మొదలు కోత బంద్ చెయ్యి. తర్వాత మాట్లాడుదం." వెంకట్రాజం ముఖం తిప్పుకున్నాడు. "రేపు ఆ పైసలు పోయినయనుకో, ఎల్లుండి నుంచి ఆ సైటూ లేదు, ఏం లేదు. కమిటీకి నువ్వే పోయి చూపెట్టుకో."

భర్తకు ఫోను చేసింది. అతను పొద్దున్నే కేసముద్రం పోయాడు పత్తి బేరానికి. మార్కెట్ యార్డు గోలలో ఒక్క ముక్కే వినబడింది: "బాపు చెప్పినట్టు చెయ్యి నిర్మలా, నన్ను నడుమల పెట్టకు."

అతన్ని ఎన్నడు నడుమ పెట్టింది గనుక!

కొత్తవాడలో మొగిలమ్మ మగ్గం మీద నుంచి కొత్త నమూనా దిగుతుందని కబురు వచ్చింది. దాని ఫొటో మధ్యాహ్నంలోగా సైటులో పెట్టాలి. బయలుదేరే ముందు నిర్మల షాపు కంప్యూటరు దగ్గర నిలబడి ఉదయ్‌తో చెప్పింది.

"దీన్ని ముట్టకు ఉదయ్. నేనొచ్చి ఆపుత. ఆటో తీసేసుడు వేరు, సైటు ఉండే ప్లానే క్యాన్సిల్ చేసుడు వేరు. రెండూ ఒక్క పేజీల్నే ఉంటయ్."

"నాకు చదువు రాదనుకుంటానవా?"

"వచ్చనే చెప్తాన."

* * *

మొగిలమ్మ నేసిన జంపఖానా ఎండలో పరిచి, మూలలు సరిచేసి ఫొటోలు తీసింది నిర్మల. ఎరుపు మీద నల్ల గీతలు, అంచున చిన్న మెట్లు. మొగిలమ్మ భర్త మొండయ్య గుమ్మంలో బీడీ ఆర్పేసి, "ఆ బెంగళూరోళ్ళు ఖాయమేనా బిడ్డా?" అని అడిగాడు. "ఇయ్యాల చూస్తరు మామా," అంది. "చూస్తే తీసుకుంటరు తియ్యి," అంది మొగిలమ్మ, అది తన చేతిమీద నమ్మకంతో అన్న మాట.

ఆటోరిక్షాలో తిరిగి వస్తుంటే ఫోను మోగింది. యమున.

"నిర్మల గారూ, మీ సైటు తెరుచుకోవట్లేదండీ. ఇక్కడేమీ లేదు అని వస్తోంది. మీరు షాపు మూసేశారా?"

"లేదు మేడం! ఎందుకు మూస్తం!" ఫోను చెవికి గట్టిగా అదుముకుంది. "చిన్న పని జరుగుతాంది. సాయంత్రానికి ఉంటది."

"ఏడు గంటలకు మీటింగ్. నేను చూపించాల్సిన రెండో షాపు కూడా ఉంది. ముందు మీదే పెడదామనుకున్నాను."

షాపులో అడుగు పెట్టేసరికి ఉదయ్ కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు. కంప్యూటరు తెర మీద కంపెనీ పేజీ తెరిచే ఉంది.

"బంద్ చేసిన వదినా. రేపే కాదు, ఇగ ఏ శుక్రవారం కట్ కాదు. బాపు, నీ లక్ష్మి పెట్టెలనే ఉంటది."

నిర్మల మౌస్ అందుకుంది. ప్లాన్ ఉండాల్సిన చోట ఖాళీ. కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంది: ప్లాన్ వెంటనే రద్దు చేయబడింది. ఫైళ్ళు తొలగించబడ్డాయి.

"ఆటో రెన్యువల్ అనే చోట బొత్తం ఉన్నది. దాన్ని పక్కకు జరిపితే సరిపోతుండె. నువ్వు క్యాన్సిల్ ఎందుకు కొట్టినవ్?"

"కొట్టిన. అది అడిగింది, గడువు అయ్యేదాక ఉంచాల్నా, ఇప్పుడే తియ్యాల్నా అని. గడువంటే రేపు. రేపు శుక్రవారం. బాపు రేపు ఏం కావద్దన్నడు. ఇప్పుడే అన్న."

"అదేందో చదివినవా? ఇప్పుడే తీస్తే ఫైళ్ళన్ని పోతయి, మళ్ళ రావు అని ఎర్ర అక్షరాలల్ల రాసుంటది. అవునా కాదా?"

ఉదయ్ చదివాడో లేదో ఆమెకు ఈనాటికీ తెలియదు. చదివి చేస్తే ద్వేషం, చదవకుండా చేస్తే అహంకారం. ఏది తక్కువ పాపమో దేవుడే చెప్పాలి.

"బొత్తం బొత్తమే కద వదినా. గంత ఆగం చేసుడెందుకు? దీని కింద ఇంకోటి ఉన్నది, సైటు పేరుదట. దానికి కూడ ఆటో ఉన్నది. అది కూడ తీసేస్తుంటి, నువ్వచ్చినవ్." అతని చెయ్యి మౌస్ కోసం వచ్చింది.

ఆమె ఆ చెయ్యిని గట్టిగా తోసేసింది. ఇరవై ఏళ్ళ కాపురంలో మరిదిని అలా తాకడం అదే మొదలు. వెంకట్రాజం గద్దె మీద నుంచి తల ఎత్తాడు.

"దాన్ని ముట్టకు!" అంది నిర్మల. "నువ్వు కూలగొట్టింది ఇల్లు. ఇది జాగ. రెండూ వేరువేరు. ఇల్లు పోతే మళ్ళ కట్టుకోవచ్చు. పేరు గడువు దాటి జారిపోయిందంటే రాజేశం అండ్ సన్స్ అని ఇంకెవడో బోర్డు పెట్టుకుంటడు."

వెంకట్రాజం ఆ మాటకు గద్దె దిగి వచ్చాడు. "ఎవడు పెట్టుకుంటడు మా బాపు పేరు?"

"ఎవడన్న సరే మామయ్యా. గడువు దాటినంక కొన్ని దినాలు ఓపిక పడతరు, తర్వాత ఎవడు ముందు కొంటే వాడిది."

ఆయన వంగి తెర చూశాడు. పైన పట్టీలో తండ్రి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. దాని కింద పేజీ అంతా తెల్లగా ఉంది. నడుమ ఒక్క వాక్యం, ఇక్కడ ఏమీ లేదని.

"ఇది బయటోళ్ళకు గిట్లనే కనవడ్తాందా?"

"అందరికీ. బెంగళూరు మేడం షాపు మూసేసిండ్రా అని అడిగింది."

కర్ఫ్యూ రోజుల్లో కూడా సగం షట్టరెత్తి లోపల దీపం వెలిగించి కూర్చున్న షాపు అది. రాజేశం కాలం చేసిన రోజున తప్ప గురువారం నాడు మూతపడింది లేదు.

"ఉదయ్!"

"నువ్వే అన్నవ్ గద బాపు, కోత బంద్ చెయ్యమని."

"కోత బంద్ చెయ్యమన్న. కొట్టు బంద్ చెయ్యమన్ననా?"

"నాకేం ఎర్క! అసలు ఆ సైటు లేకుంటే ఏం మునిగింది? మూడు తరాలు నడవలేదా?"

తండ్రి అతని వైపు నుంచి ముఖం తిప్పుకున్నాడు. అలాగని కోడలి వైపు మెత్తగా చూసిందీ లేదు. "నువ్వు తెచ్చిన పంచాయితే ఇది. నువ్వే తెంపుకో," అన్నాడు.

* * *

కంపెనీ వాళ్ళతో చాటింగులో వంతు దొరికి మాట్లాడేసరికి నిర్మలకు సాయంత్రమైంది. వాళ్ళు మర్యాదగానే చెప్పారు. వెంటనే రద్దు చేసిన ప్లానును తిరిగి లేపడం కుదరదు. పేరు మాత్రం భద్రంగా ఉంది, దానికి రద్దుతో సంబంధం లేదు. బ్యాకప్ ఉంటే కొత్త ప్లాన్ తీసుకుని అందులో పెట్టుకోవచ్చు.

బ్యాకప్ ఉంది. నెలనెలా ధర ఎక్కువవుతున్న ఈ ప్లాన్ వదిలి తక్కువ దానికి మారాలని ఆమెకే ఎప్పటి నుంచో ఉంది. అందుకే పోయిన ఆదివారం పూజ అయ్యాక కూర్చుని ఫైళ్ళూ, లోపలి లెక్కల పెట్టె లాంటి డేటాబేసూ దింపి పెన్‌డ్రైవులో పెట్టుకుంది. సైటు పేరు ఏ సర్వరును, అంటే ఫైళ్ళుండే ఏ కంప్యూటరును, చూపాలో చెప్పే వరుసలో, మార్పు త్వరగా అందరికీ చేరేలా వేచి ఉండే గడువు కూడా తగ్గించి ఉంచింది. కొత్త చోట సైటు నిలబడి, అందరికీ కనబడుతోందని చూసుకున్నాకే పాతదాన్ని ఆపాలని ఆమె ఆలోచన. ఉదయ్ ఆ వరుసనంతా తిరగేశాడు.

పెన్‌డ్రైవు షాపులోని లక్ష్మీదేవి పటం కింద కుంకుమ భరిణె పక్కనే ఉంది. దాన్ని చేతిలోకి తీసుకునేటప్పుడు ఆమె కళ్ళకద్దుకుంది.

ఇక కావలసింది కొత్త ప్లాన్. దానికి డబ్బు కట్టాలి.

"నా ఫోన్ల నుంచి కడుత మామయ్యా."

"ఆఁ!" ఉదయ్ లేచాడు. "నీ పైసలతోటి కడితే రేపు సైటు నాదంటవ్. షాపు పేరు మీద ఉన్నదానికి నీ పైసలెందుకు?"

"అయితే షాపు పైసలే ఇయ్యమను."

వెంకట్రాజం బయటికి చూశాడు. ఎండ ఎదురు మేడ మీదికి ఎక్కేసింది. బజారులో ఒక్కొక్క షాపులో అగరుబత్తి వాసన మొదలవుతోంది.

"దీపం వేళయింది. దీపం పెట్టినంక పైస బయటికి పోదు. రేపు శుక్రవారం. శనివారం పొద్దుగాల చూద్దాం."

"శనివారం ఎవరు చూస్తరు మామయ్యా? వాళ్ళు చూసేది ఇయ్యాల ఏడు గంటలకు."

"నా ఇంటి పద్ధతి బెంగళూరోళ్ళ గడియారం చూసి నడువదు."

"పద్ధతి తప్పమంటలేను." ఆమె పటం వైపు చెయ్యి చూపింది. "దీపం ఇంకా పెట్టలేదు. అగ్గిపుల్ల గీయలేదు. అదే చెప్తాన."

ఆయన అగ్గిపెట్టె తీసుకుని పటం దగ్గరికి నడిచాడు. ప్రమిదలో నూనె పోసి ఉంది, వత్తి తడిసి ఉంది. ఎదురు షాపు ఓంప్రకాశ్ తన దీపం వెలిగించి గుమ్మంలోకి వచ్చాడు. రోజూ ఇద్దరూ ఇంచుమించు ఒకేసారి వెలిగిస్తారు. "ఏం వెంకట్రాజం సేటూ, ఇయ్యాల మా కంటె వెనుకపడ్డవ్? నూనె అయిపోయిందా, నన్ను ఇయ్యమంటవా?" అని అరిచాడు.

"ఉన్నది ఉన్నది," అన్నాడు వెంకట్రాజం, వెనక్కి తిరగకుండానే.

నిర్మల కొత్త ప్లాన్ పేజీ తెరిచింది. ప్రతినెలా దానంతట అదే కట్టించుకోమన్న గీత ముందే టిక్కు పెట్టి ఉంది. ఆ టిక్కు తీసేసింది. ఫోనుతో ఒక్కసారి కట్టే దారి ఎంచుకుంది. తెర మీద నల్లచుక్కల చదరం వచ్చి నిలిచింది. దాని పక్కన నిమిషాలు తగ్గుతున్నాయి.

అగ్గిపెట్టె మీద వెంకట్రాజం వేళ్ళు కదలడం లేదు. ఆయన పటాన్నే చూస్తున్నాడు. ఆ తల్లిని ఆయన ఏం అడిగాడో, ఆమె ఏం చెప్పిందో ఎవరికి తెలుసు. దీపం ఆలస్యమైతే పాపమా, తండ్రి పేరు మీద ఏమీ లేదు అన్న మాట ఊరంతా చదివితే పాపమా? పుట్టినప్పటి నుంచి పద్ధతిలో నడిచినవాడికి రెండు పద్ధతులు ఎదురుపడటం అదే మొదలు కావచ్చు.

అగ్గిపెట్టె పటం ముందు పెట్టి, ఫోను తీసి కంప్యూటరు దగ్గరికి వచ్చాడు.

"ఏది?"

"ఈ చదరం మీద పట్టుర్రి."

"బాపూ!" అన్నాడు ఉదయ్.

"నువ్వు నోరు మూస్కో."

చదరాన్ని పట్టించి, కంపెనీ పేరు పైకి చదివి, పిన్ను తెర మీద కనబడకుండా ఎడమచేయి అడ్డం పెట్టి నొక్కాడు. కోడలికైనా చూపించని పిన్ను అది. ఫోను టింగుమంది. ఆయన వెంటనే వెనక్కి తిరిగి, రెండంగల్లో పటం ముందుకు పోయి అగ్గిపుల్ల గీశాడు. వత్తి అంటుకుంది. ఓంప్రకాశ్ దీపానికి వీళ్ళ దీపం ఎంత వెనకబడిందో ఆ బజారులో పట్టించుకున్నవాళ్ళు లేరు, ఆయన తప్ప.

ఆ తర్వాత పని నిర్మలది. ఫైళ్ళు ఎక్కించింది, డేటాబేసు ఎక్కించింది, పేరు వరుసలో పాత సర్వరు నంబరు తీసి కొత్త నంబరు రాసింది. ఆదివారం తర్వాత పెట్టిన రెండు నమూనాలు బ్యాకప్పులో లేవు. వాటినీ, మొగిలమ్మ ఎర్ర జంపఖానానూ మళ్ళీ పెట్టింది. తన ఫోనులో తెరిస్తే ఇంకా ఏమీ లేదనే వచ్చింది. కాసేపటికి ఓంప్రకాశ్‌ను తన ఫోనులో తెరవమంటే వాళ్ళ నెట్‌లో తెరుచుకుంది. షాపు కంప్యూటరులో మరికాసేపటికి. కొత్త నంబరు ఒక్కొక్క దారిలో ఒక్కొక్క వేళకు చేరుతుంది, అందాకా ఓర్చుకోవాలి. చివరగా అడ్రసు ముందు, సైటు భద్రమని చెప్పే తాళం గుర్తు వచ్చింది.

యమునకు మెసేజ్ పెట్టింది. చాలాసేపు జవాబు లేదు. నిర్మల జంపఖానాల దొంతర మీద కూర్చుని కళ్ళు మూసుకుంది. ఏమని మొక్కుకుందో చెప్పదు. ఆ తర్వాత ఫోను మెరిసింది.

'తెరుచుకుంది. ముందు మీదే చూపిస్తున్నాను. ఆ ఎర్రది చాలా బాగుంది.'

ఆమె పైకి చదివింది. ఉదయ్ చెప్పులేసుకుని వెళ్ళిపోతూ గుమ్మం దగ్గర ఆగాడు.

"చూస్తాండ్రు, అంతే కద. కొన్నప్పుడు చెప్పు."

"చెప్త. ధర సుత సైటులనే ఉంటది, నువ్వే చూస్కో," అంది నిర్మల.

అతను పోయాక వెంకట్రాజం గద్దె మీద కూర్చుని అడిగాడు. గొంతులో పొద్దుటి ఘాటు అలాగే ఉంది. "మళ్ళ నెల ఏమైతది?"

"ఏమీ కాదు మామయ్యా. ఈ ప్లానుకు ఆటో లేదు. మనం కడితేనే పోతయ్ పైసలు."

"కట్టకపోతే?"

"ఆ తేదీకి ఆగుతది. ఆటో ఆపితే కోత పోతది గానీ, తేదీ యాదిపెట్టుకునే పని మన మీద పడ్తది."

"మన మీదంటే ఎవరి మీద?"

"మీ మీదనే. పిన్ను మీదగ్గరుంది. గడువుకు ముంగట వచ్చే గురువారం, దీపానికి ముందు కట్టుర్రి."

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. పొగరు పట్టిందని అనబోయాడు. అనలేదు.

"మరి ఆ పేరుది? దానికి ఆటో ఉందంటివి."

"దాన్ని ఇప్పుడే ముట్టద్దు. మీరు మంచిరోజు చూసి, చేత్తోటి రెండుమూడేండ్లకు కట్టుర్రి. కట్టినట్టు చూసుకున్నంక ఆటో తీస్త. ముందు తీసి మరిచిపోతే పేరు పోతది."

వెంకట్రాజం గోడకున్న క్యాలెండరు దగ్గరికి పోయి, చెవిమీది పెన్సిలు తీసి, వచ్చే నెల గురువారం ఒకదాని చుట్టూ గీత గీశాడు. పక్కనే తండ్రి పేరు రాశాడు.

"షట్టరు దించుకో. అన్నం వండే వేళయింది," అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

నిర్మల పెన్‌డ్రైవును కుంకుమ భరిణె పక్కన మళ్ళీ పెట్టి, షట్టరు కొక్కెం అందుకుంది.